‘కుటుంబ కారణాలు’ అని రాయొద్దన్నాను

ఎర్రగుంట్ల దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు ఉద్యోగానికి సంతకం పెట్టి మా ఊరు ప్రొద్దుటూరుకు బస్సెక్కాను. సంతోషపడాల్సిన రోజే. కానీ దారి పొడుగునా హైదరాబాదులో ఉన్న ఒకామె నా మనసులో మెదులుతూ ఉంది. ఆమెకు రానని రాయాలి. ఎలా రాయాలో తెలియలేదు.

ఆమె ఉద్యోగాలిప్పించే కన్సల్టెన్సీలో పనిచేస్తుంది. మందుల కంపెనీ ఒకటి ల్యాబుకు మనుషుల్ని వెతకమంటే నా బయోడేటా ఆమె కంటపడింది. ఎమ్మెస్సీ, మూడేళ్ళ అనుభవం, ఆ తర్వాత నాలుగేళ్ళు ఖాళీ. పెళ్ళయి పని మానేశాను. మళ్ళీ చేరదామనుకునేలోపు మా ఆయన నడిపే లారీ బోల్తాపడి వెన్నుపూస దెబ్బతింది.

కంపెనీవాళ్ళు మొదట నన్ను వద్దన్నారట. పెళ్ళయి మధ్యలో మానేసిన ఆడవాళ్ళు ఆఖరు నిమిషంలో ఇంట్లో ఏదో ఉందని ఎగ్గొడతారని వాళ్ళ నమ్మకం. ఆమె వాళ్ళతో వాదించి నా పేరు పెట్టించింది. తన పని ముగించుకుని, సాయంత్రాలు ఫోన్లో నన్ను ఇంటర్వ్యూకి తయారుచేసింది. “ఆ నాలుగేళ్ళ గురించి అడిగితే సంజాయిషీ చెప్పుకోకండి. ఉన్నది ఒక్క మాటలో చెప్పి, మీకు వచ్చిన పని గురించి మాట్లాడండి” అనేది. రెండు రౌండ్లు గట్టెక్కాను. ఆఖరిది ఆ పైవారం గురువారం, హైదరాబాదులో, కంపెనీ పెద్దల ముందు.

వేరేచోట కూడా ప్రయత్నిస్తున్నానని ఆమెకు మొదట్లోనే చెప్పాను. ఈలోగా సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు రమ్మన్నారు, ఒప్పుకున్నాను. హైదరాబాదు జీతం ఎక్కువే వచ్చేది. కానీ మా ఆయనను మంచం మీంచి లేపి కూర్చోబెట్టాలంటే ఇద్దరు కావాలి. ఆ రెండో మనిషి మా బావగారు, మా ఆయన అన్న. ఆయన ఉండేది మా వీధిలోనే.

ఇంటికి రాగానే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

“ఏందే, వచ్చినప్పటి నుంచి రాస్తానే ఉండావు?” అన్నాడు మా ఆయన.

“హైదరాబాదామెకు. రానని చెప్పొద్దా?”

“చెప్పేదేముంది? ఫోను ఎత్తబాక. నాలుగుసార్లు చేసి ఆయమ్మే ఊరుకుంటాది.”

“నా కోసం శానా కష్టపడింది ఆయమ్మ. దాక్కునేదానికి నేనేమన్నా దొంగతనం చేసినానా?”

“అట్లయితే నా సంగతి రాయి. మొగుడు లేవలేడు, అందుకే రానని రాయి. జాలిపడి ఒక్క మాట కూడా అనదు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట కోసమే కదా అక్కడ కంపెనీవాళ్ళు కాచుకుని ఉన్నది! ఆయన మీద కోపం చూపించలేక గట్టిగా టైపు చేశాను.

ఆఖరి రౌండు నుంచి తప్పుకుంటున్నానని మొదటి వాక్యంలోనే చెప్పేశాను. ఇంకోచోట ఉద్యోగం ఒప్పుకుని ఈరోజే సంతకం చేశానని, ఇక ఆ మాట మారదని, గురువారం చోటు ఇంకొకరికి ఇచ్చుకునే వీలుంటుందని వెంటనే రాస్తున్నానని రాశాను. ఇక్కడి ఇంటర్వ్యూలో కూడా ఆమె నేర్పినట్టే జవాబు చెప్పానని, ఆ మేలు మరచిపోనని రాశాను. చివర ఒక మనవి పెట్టాను. ‘కంపెనీకి చెప్పేటప్పుడు దయచేసి కుటుంబ కారణాలు అని రాయకండి. వేరే ఉద్యోగంలో చేరుతోందని రాయండి. మగవాళ్ళు తప్పుకుంటే అలాగే కదా రాస్తారు.’

మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది. “జీతం గురించైతే చెప్పండి, ఇంకోసారి మాట్లాడి చూస్తాను.”

“జీతం కాదు మేడం. మాట ఇచ్చేసినాను.”

నేను చేరితేనే వాళ్ళ కన్సల్టెన్సీకి కమీషన్. ఇన్ని సాయంత్రాల కష్టం వట్టిదే అయింది. “సరేనండీ. ముందే చెప్పారు, థాంక్స్” అని పెట్టేసింది. ఆ గొంతులోని అలసట విని నాకు ఏడుపొచ్చింది.

శుక్రవారం సాయంత్రం ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. ‘మీరు చెప్పినట్టే రాశాను. ఇంట్లోవాళ్ళు పంపించి ఉండరు లెండి అని కంపెనీవాళ్ళు నవ్వారు. వచ్చే గురువారం మీ బదులు పంపడానికి నా దగ్గర ఇంకొక అమ్మాయి ఉంది. మీలాగే మధ్యలో మానేసిన మనిషి. వాళ్ళు ఆమె బయోడేటా తెరిచి కూడా చూడలేదు.’

రెండుసార్లు చదివాను. ఎవరో తెలియని ఆ అమ్మాయి దారికి నేనే అడ్డం పడ్డాననిపించింది. పోనీ, వాళ్ళన్నది పచ్చి అబద్ధమని తిట్టుకుందామా అంటే, గుండె మీద చెయ్యేసుకుని ఆ మాట కూడా అనలేను.

అప్పుడే బావగారొచ్చారు. ఇద్దరం చెరొక వైపు చేతులు వేసి మా ఆయనను లేపి కూర్చోబెట్టాం.

“ఏమనింది ఆయమ్మ? తిట్టిందా?” అని అడిగాడు మా ఆయన.

“తిట్టింటే బాగుండు” అన్నాను.