షార్ట్ లెగ్‌లో ఖాళీ

దర్శి దగ్గర ఆ మైదానంలో పిచ్‌ని నల్లరేగడి మట్టితో వేశారు. వానలు లేక అది ఎండి బీటలు వారింది. మా గుంటూరు మహిళల జట్టుకు నేను కెప్టెన్‌ని. ఎదుటి జట్టు గెలవడానికి ఇంకా కొన్ని పరుగులే కావాలి. వాళ్ళకి రెండు వికెట్లే మిగిలాయి.

మా ఆఫ్ స్పిన్నర్ వేసే బంతి పగుళ్ళ మీద పడితే చాలు, కుడిచేతి బ్యాటర్ మీదికి గిర్రున లోపలికి తిరుగుతోంది. బ్యాట్ అంచుకో ప్యాడ్‌కో తగిలి లేచిన బంతి కాళ్ళ వైపే పడుతుంది. అందుకే కీపర్‌కి ఒక పక్క స్లిప్‌లో ఒకరిని, ఇంకో పక్క లెగ్ స్లిప్‌లో ఒకరిని పెట్టి, బ్యాటర్‌కి చేయి చాచేంత దూరంలో, షార్ట్ లెగ్‌లో నా స్నేహితురాలిని నిలబెట్టాను. గుంటూరు బ్రాడీపేటలో ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్ తను. భయమంటే తెలియని మనిషి. స్వీప్ కొడతారేమోనని ఇంకొకరిని బౌండరీ దగ్గర ఉంచాను.

ఆ ఓవర్ చివరి బంతి స్పిన్నర్ చేతిలోంచి జారి పొట్టిగా పడింది. బ్యాటర్ బలమంతా పెట్టి లాగి కొట్టింది. నా స్నేహితురాలు తల తిప్పుకునేలోపే బంతి హెల్మెట్‌కి తగిలి గాల్లోకి లేచింది. వికెట్ కీపర్ అలవాటు కొద్దీ ముందుకు దూకి పట్టేసింది.

ఎవరూ అప్పీల్ చేయలేదు. నా స్నేహితురాలు బోర్లా పడి ఉంది. కదల్లేదు.

నేను పరిగెత్తాననుకున్నాను గానీ, నా కాళ్ళు ఉన్నచోటే ఉన్నాయని కాసేపటికి గాని తెలియలేదు. కీపర్ బంతిని గుండెకు హత్తుకుని ఏడుస్తోంది. తన చేతిలో వికెట్ ఉందన్న సంగతే ఆమెకు పట్టలేదు. కొట్టిన బ్యాటర్ బ్యాట్ పారేసి మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది.

అంపైర్ అందరికంటే ముందు చేరి హెల్మెట్ ముట్టుకోవద్దన్నారు. కాసేపటికి నా స్నేహితురాలు కళ్ళు తెరిచి, "ఇది ఏ ఊరే?" అని అడిగింది. పొద్దున బస్సులో దారి పొడవునా దర్శి గురించి కబుర్లు చెప్పింది తనే.

ఆమెను కారులో ఆసుపత్రికి పంపాక అంపైర్ నా దగ్గరకొచ్చారు. "అమ్మా, మీరు అప్పీల్ చేస్తున్నారా? ఫీల్డర్ పెట్టుకున్న హెల్మెట్‌కి తగిలి లేచినా క్యాచ్ చెల్లుతుందండి."

ఆ బ్యాటరే ముందుకొచ్చి, "నేను వెళ్ళిపోతానండి. ఇంక ఆడలేను," అంది. అంపైర్ వేలెత్తారు. తొమ్మిదో వికెట్ అలా పడింది. చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు.

షార్ట్ లెగ్‌లోకి ఎవరినీ పంపే ధైర్యం నాకు లేకపోయింది. స్పిన్నర్‌ని ఆపి, వేగంగా వేసే మా సీమర్‌కి బంతి ఇచ్చాను. పొద్దున కొత్త బంతికి పెట్టినట్టే రెండు స్లిప్పులు, ఒక గల్లీ. దగ్గర ఎవరూ లేరు, నాకదే చాలు. కానీ పాత బంతి, ఎండిన పిచ్. బంతి పైకి లేవడమే లేదు. మొదటి ఎడ్జ్ స్లిప్ ముందే నేల మీద పడింది. రెండోది స్లిప్పుల పక్కగా జారి, ఎవరూ లేని థర్డ్ మ్యాన్ వైపు బౌండరీకి పోయింది. సీమర్ నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు చూసింది.

ఆ ఓవర్ అయ్యాక స్పిన్నర్ దగ్గరకొచ్చి మెల్లగా అంది. "అక్కా, నాకివ్వు. కానీ దగ్గర ఎవరో ఒకళ్ళు ఉండాలి. లేకపోతే వాళ్ళు కాలు ముందుకేసి హాయిగా ఆపేసుకుంటారు."

"ఎవర్ని పంపమంటావే?"

ఆమె మైదానంలో అందరి మొహాలూ ఒకసారి చూసింది.

బంతి ఆమె చేతిలో పెట్టి, వేరే హెల్మెట్ తెప్పించుకుని నేనే వెళ్ళాను. అక్కడ కూర్చుంటే బ్యాటర్ ఊపిరి వినిపిస్తుందని నాకప్పటిదాకా తెలియదు. మొదటి బంతి తిరిగి ప్యాడ్‌కి తగిలింది. నేను కళ్ళు మూసుకున్నాను. రెండోదానికి కూడా మూసుకున్నాను. మూడో బంతికి బ్యాటర్, ఆపితే నా చేతుల్లో పడుతుందని భయపడిందేమో, క్రీజు వదిలి ముందుకు దూకింది. ఈసారి బంతి తిరగలేదు. తిన్నగా బ్యాట్ పక్కనుంచి పోయింది. కీపర్ బెయిల్స్ ఎగరగొట్టింది.

గెలిచాం. ఎవరూ ఎగరలేదు. నేను అక్కడే కూర్చుని హెల్మెట్ పట్టీ విప్పుకున్నాను.

ఆసుపత్రిలో నా స్నేహితురాలికి అప్పటికి ఊరు గుర్తొచ్చింది. స్కాన్‌లో ప్రమాదమేమీ లేదని, కొన్నాళ్ళు ఆడకూడదని డాక్టర్ గారు చెప్పారు. "నా తర్వాత ఎవరు నిలబడ్డారే?" అని అడిగింది.

"నేనే."

"నువ్వా?" అని నా ముఖంలోకి చూసింది. తర్వాత నా చేతులు పట్టుకుని, "ఇంత చల్లగా ఉన్నాయేంటే నీ చేతులు," అంది.