సంతకానికి ముందు చూపించినది

మా సీనియర్ లాయరమ్మను వెనకాల అందరూ అనుమానాలమ్మ అంటారు. ఎవరైనా నవ్వుతూ టీ ఇప్పిస్తే, నాతో ఏం పని పడిందో అంటారావిడ. ఆవిడ దగ్గర చేరాక నాకూ ఆ జబ్బు అంటుకుంది.

ఒకరోజు చెక్క సామాన్లకు వార్నిష్ కాచే పెద్దాయన వచ్చారు. ఆయన వర్క్‌షాపును ఒక కంపెనీ కొంటానందట. ఆయన ఆస్తల్లా ఆ వార్నిష్ కాచే పద్ధతే. అసలు ఒప్పందానికి ముందు రాసుకునే అవగాహన పత్రాన్ని కంపెనీ మేనేజరే తయారుచేసి పంపాడు. ధర, రహస్యం కాపాడతామన్న హామీ అన్నీ ఉన్నాయి. చివర్లో మాత్రం, ఇందులో ఏదీ ఎవరినీ చట్టపరంగా కట్టిపడేయదని రాశాడు.

"బాగానే రాశారు కదమ్మా?" అన్నారు పెద్దాయన.

"బాగానే రాశాడండీ," అన్నారు లాయరమ్మ. " రహస్యం హామీ కూడా ఆ చివరి మాటతోనే గాలికి పోయింది."

ఆవిడ పత్రాన్ని నాతో రెండు భాగాలుగా తిరగరాయించారు. ధర, కొనుగోలు కేవలం ఉద్దేశాలు. అసలు ఒప్పందం మీద సంతకాలయ్యేదాకా ఎవరైనా తప్పుకోవచ్చు. రహస్యం, నమూనాల వాపసు, ఎవరి ఖర్చు వారిదే, తగవొస్తే ఏ కోర్టు అన్నవి మాత్రం సంతకం పడగానే కట్టుబాట్లు. బేరం చెడినా నిలుస్తాయి.

"ధర కూడా కట్టుబాటు చేయొచ్చుగా?" పెద్దాయన ముఖం చిన్నబోయింది.

"లెక్కలు చూడకుండా వాళ్లు ఒప్పుకోరు. మీకూ మనసు మారే దారి ఉండాలిగా." ఆవిడ కలం ఆపారు. "వాళ్లకి ఇప్పటికే ఏమైనా చూపించారా?"

పెద్దాయన తలొంచుకున్నారు. మేనేజర్ వర్క్‌షాపుకి వస్తే, ఇంటికొచ్చిన మనిషి కదా అని పొయ్యి వెలిగించి మొత్తం కాచి చూపించారట. ఒక సీసా కూడా ఇచ్చి పంపారట. ఇక దాచడానికేం మిగిలిందనుకున్నాను. లాయరమ్మ మాత్రం ఒక్క మాట చేర్పించారు: సంతకానికి ముందు చూసినదీ తీసుకున్నదీ కూడా రహస్యమే, వాడుకోకూడదు.

మర్నాడు వచ్చిన మేనేజర్ మిగతావన్నీ నవ్వుతూ ఒప్పుకుని, ఆ చేర్పించిన మాట దగ్గర ఆగాడు. "పాత సంగతులు ఎందుకండీ? నమ్మకం ముఖ్యం."

"మీ నమ్మకాన్నే రాశాం. వద్దంటే బేరమూ వద్దు," అన్నారు లాయరమ్మ.

బయటికెళ్లి చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. తిరిగొచ్చి పై అధికారి సంతకంతో పత్రం పంపిస్తానన్నాడు, పంపించాడు కూడా. ఆ తర్వాత వాళ్లు లెక్కలు అడగలేదు, వర్క్‌షాపుకి రాలేదు. కొన్ని వారాలకు, కొనే ఆలోచన మానుకున్నామని ఉత్తరం వచ్చింది. ధర ఉద్దేశం మాత్రమే కాబట్టి మేం అడగడానికేమీ లేదు. నమూనా తిరిగివ్వమని మాత్రం నోటీసు పంపాం.

వాపసొచ్చిన సీసా తీసుకోవడానికి పెద్దాయన వచ్చారు. మూత తీసి ఉంది, సగం ఖాళీ. బేరం చెడగొట్టారని లాయరమ్మ మీద కోప్పడతారేమోనని భయపడ్డాను.

"వర్క్‌షాపు కొంటారని మా ఆవిడతో చెప్పానమ్మా," అన్నారాయన. "వాళ్లకి కావాల్సింది నా పద్ధతే, వర్క్‌షాపు ఎప్పుడూ అక్కర్లేదన్నమాట."

లాయరమ్మ సీసాకి మూత బిగించి ఆయన చేతిలో పెట్టారు.