ఎడమ చేతికి అందే నీళ్ళు

వనపర్తిలో మాకు శానిటరీ సామాన్ల దుకాణం ఉంది. మా ఆయన సరుకు కోసం తిరుగుతుంటాడు, గల్లా మీద కూర్చునేది నేను. కమోడ్ పక్కన పెట్టుకునే హెల్త్ ఫాసెట్లు ఎన్ని అమ్మానో లెక్కలేదు. అడిగినవాళ్ళకల్లా ఒకటే పాఠం చెప్పేదాన్ని: గోడలోని పైపుకు యాంగిల్ కాక్ అనే చిన్న కుళాయి, దానికి గొట్టం, గొట్టం చివర నొక్కితే నీళ్ళు చిమ్మే గన్ను. పని కాగానే గన్ను వదిలేస్తే చాలదు, యాంగిల్ కాక్ కూడా కట్టేయాలి. లేకపోతే ట్యాంకు నీళ్ళ బరువంతా రాత్రింబగళ్ళు గొట్టం మీదే ఉంటుంది. ఎంత మంచి గొట్టమైనా ఏదో ఒకరోజు పగులుతుంది.

మా అమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయాక గానీ ఆ సామాను విలువ నాకు తెలియలేదు.

అమ్మ వీపనగండ్లలో తమ్ముడి దగ్గర ఉంటుంది. దవాఖాన నుంచి వచ్చాక గోడ పట్టుకుని మెల్లగా నడవగలిగింది, కమోడ్ మీద తనంతట తాను కూర్చోగలిగింది. చిక్కంతా ఆ తర్వాతే. చెంబుతో కడుక్కోవాలంటే రెండు చేతులు కావాలి. కుడి చెయ్యి పోస్తే ఎడమ చెయ్యి కడుగుతుంది. అమ్మకు మిగిలింది ఎడమ చెయ్యి ఒక్కటే. అందుకని మరదలు లోపలికి వెళ్ళి కడిగేది. ఆ పిల్ల ఏనాడూ ముఖం చిట్లించలేదు, ఆ మాట చెప్పకపోతే పాపం. కానీ అమ్మ నోరు కట్టుకుంది. పొద్దున రెండు ముద్దలు, సాయంత్రం అవీ లేవు, నీళ్ళు కూడా గుక్కెడే. అడిగితే ఆకలి లేదనేది. నెల తిరిగేసరికి రవికెలు వదులై జారిపోతున్నాయి.

ఒకరోజు నిలదీశాను. అమ్మ మెల్లగా అంది.

"తింటే పోవాలె కద బిడ్డా. పోతె గా పిల్ల రావాలె. ఎడమ చేత్తోనే కడుక్కుందమంటే, మల్ల గదే చేత్తో అన్నం ఎట్ల తింట? నాతోని కాదు."

సబ్బుతో కడుక్కుంటే పోతుందని ఆవిడతో వాదించి లాభం లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఒక చెయ్యి నోటికి, ఒక చెయ్యి దానికి. నాకు ఏడుపొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది కూడా. ఊరందరికీ అమ్మే సామాను మా అమ్మ గోడకు లేదు! ధార సరిగ్గా ఉంటే చెయ్యి తాకే పనే ఉండదు, గన్ను పట్టుకుంటే చాలు. మర్నాడే ఒక సెట్టు బస్సులో పంపి, ఊళ్ళో ప్లంబర్ భాయ్‌తో బిగించమని తమ్ముడికి ఫోన్ చేశాను.

బిగించారు. వారం తర్వాత వెళ్తే అమ్మ ఇంకా చిక్కిపోయి ఉంది. బాత్రూంలోకి వెళ్ళి చూస్తే అర్థమైంది. అందరిళ్ళలో బిగించినట్టే కుడి గోడకు బిగించాడు మహానుభావుడు. కుడి చేత్తో గన్ను పట్టుకుని ఎడమ చేత్తో కడుక్కునే జనానికి అదే వీలు. అమ్మకు ఆ గోడ ఉన్నా లేనట్టే. ఒంటి మీదుగా ఎడమ చెయ్యి సాచబోయి ఒకసారి కమోడ్ మీద నుంచి జారబోయిందట. అప్పటి నుంచి దాని జోలికి పోలేదు.

ప్లంబర్ భాయ్‌ని పిలిపించాను. గొట్టం పొడుగుది వేసి కమోడ్ వెనక నుంచి ఎడమ వైపుకు తెద్దాం, టైల్స్ పగలగొట్టే పని ఉండదన్నాడు. తమ్ముడు సరేనన్నాడు. కొత్త టైల్స్ మీద వాడికి ప్రాణం. నేను ఒప్పుకోలేదు. గన్ను ఎడమ వైపుకు వస్తుంది సరే, యాంగిల్ కాక్ కుడి గోడకే ఉంటే అమ్మ దాన్ని ఎట్లా కడుతుంది? కట్టకుండా వదిలేస్తే గొట్టం పగలడం ఖాయం. కట్టడానికి మళ్ళీ మరదల్ని పిలవాలంటే ఇంత చేసి ఏం లాభం?

చున్నీతో నా కుడి చెయ్యి నడుముకు కట్టేసుకున్నాను. కమోడ్ మూత మీద కూర్చుని, నడుం వంచకుండా, వెనక్కి తిరగకుండా ఎడమ చెయ్యి చాపాను. అది గోడ మీద ఎక్కడ ఆనిందో అక్కడ నా నుదుటి బొట్టుబిళ్ళ తీసి అంటించాను. తర్వాత అమ్మను కూర్చోబెట్టి చూస్తే ఆమె చెయ్యి ఇంకా కిందనే ఆగింది. బొట్టుబిళ్ళను అక్కడికి దించాను.

"భాయ్, గీ బొట్టు కాడ కాక్ రావాలె. కొట్టు గోడ."

తమ్ముడు గొణిగాడు. ఆ రంగు టైల్స్ మళ్ళీ దొరకవన్నాడు. దొరక్కపోతే వేరే రంగు వేసుకో, టైల్స్‌కు ఆకలి కాదు అన్నాను. వాడు తల దించుకుని బయటికి వెళ్ళి, మిద్దె మీది ట్యాంకు వాల్వు కట్టి వచ్చాడు.

ఫ్లష్ ట్యాంకుకు నీళ్ళొచ్చే పైపు ఎడమ గోడలోనే ఉంది. భాయ్ దాని నుంచి బొట్టుబిళ్ళ దాకా గోడ చెక్కి కొత్త పైపు అతికించాడు. పైపు మూతి టైలు లోపలికి ఉండిపోతే కాక్ మరలు సగమే పట్టుకుంటాయి, నీళ్ళు గోడలోకి కారుతాయి. అందుకని ముందే ఒక పొట్టి ఎక్స్‌టెన్షన్ ముక్క వేయించాను. అతుకు ఆరాక నీళ్ళు వదిలి, ఎక్కడా చెమ్మ లేదని చూశాకే టైల్స్ వేయనిచ్చాను. గొట్టం తగిలించే ముందు కాక్ తెరిచి ఒక బకెట్ నీళ్ళు పోనిచ్చాం. పైపులోని ఇసుక, సిమెంటు పొడి అందులోనే పోవాలి, గన్ను చిల్లుల్లో ఇరుక్కోకూడదు.

కాక్ మాత్రం చుట్టూ తిప్పేది కాదు. పావు తిప్పు తిప్పితే తెరుచుకుని, పావు తిప్పుకే మూసుకునేది, పిడి పొడుగుది తెచ్చాను. గొట్టం మెరిసే స్టీలుది వద్దనుకున్నాను. అది బిరుసు, బలహీనమైన చేతిని లాగుతుంది. మెత్తటి పీవీసీ గొట్టం, మూతులు ఇత్తడివి, పొడవు మీటరు. ఇంకా పొడుగైతే నేల మీద పడుతుంది. గన్నులైతే నాలుగు రకాలు మంచం మీద పరిచి అమ్మనే నొక్కి చూడమన్నాను. ఇత్తడిది ఎత్తి వెంటనే దించేసింది. తేలికైన ప్లాస్టిక్‌ది, బొటనవేలితో నొక్కేది, అమ్మకు నచ్చింది.

"ఇదేందే, చేనుకు మందు కొట్టే పంపు లెక్కున్నది" అంది, చాలా రోజుల తర్వాత నవ్వుతూ.

మర్నాడు పొద్దున అమ్మ లోపలికి వెళ్ళింది. గొళ్ళెం వద్దు, తలుపు దగ్గరికి వెయ్యి చాలన్నాను. నేనూ మరదలూ బయట నిలబడ్డాం. నీళ్ళ చప్పుడు వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. ధార సరిపోతుందో లేదో, అమ్మ జారుతుందేమోనని చెవి తలుపుకు ఆనించాను. మరదలు తలుపు మీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. చివరికి కాక్ కట్టిన చప్పుడు టక్కుమని వినబడింది.

అమ్మ గోడ పట్టుకుని వచ్చింది. ఎడమ చేతికి మరదలు సబ్బు రాసి నీళ్ళు పోసింది. అమ్మ ఆ చేతిని చీర కొంగుతో తుడుచుకుని, మంచం మీద కూర్చుని, ఇద్దరి వంకా చూసింది.

"అన్నం పెట్టుండ్రి. ఆకలైతుంది" అంది. మరదలు కలిపి పెట్టబోతే ఎడమ చేత్తో కంచం తన ఒళ్ళోకి లాక్కుంది.