ఎదురుగా ఒకరు పట్టేంత చోటు

తొంభైల చివర్లో పూతలపట్టు దగ్గరి ఒక పల్లె బడిలో మూడో తరగతి చెప్పేదాన్ని. ప్రైమరీ బడికి డ్రిల్లు మాస్టరు ఎక్కడినుంచి వస్తాడు? అన్నీ మేమే. చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా మా బడిలో కూడుతున్నారని, వాళ్లకు చూపించడానికి ఆటల పాఠం ఒకటి తయారు చేయమని హెడ్మాస్టరు నా నెత్తిన పెట్టాడు. నేను స్కిప్పింగ్ ఎంచుకున్నాను. తాడు లేని ఇల్లుండదు కదా అని.

తాళ్లు వచ్చాయి. కొబ్బరిపీచు తాడు అరచేతులు కోసింది, నైలాను తాడు బరువులేక గాల్లో తేలింది. నూలు తాడే కుదురుగా తిరిగింది. తాడు మధ్యలో తొక్కి నిలబడితే కొసలు చంకల దాకా రావాలి. మిగిలితే కొసల్లో ముడులు వేసి కురచ చేసేదాన్ని.

మొదట తాడు లేకుండానే ఎగిరించాను, మునివేళ్ల మీద, మోకాళ్లు కొంచెం వంచి. తర్వాత నేల మీద పరిచిన తాడును దాటడం. తర్వాత రెండు కొసలూ ఒకే చేత్తో పట్టి పక్కన తిప్పుతూ, నేలకు తగిలినప్పుడల్లా ఎగరడం. అది పట్టుబడ్డాకే తలమీదుగా తిప్పనిచ్చాను. కాలికి తాడు తట్టుకున్న ప్రతివాడూ అది బాగలేదనేవాడు. ఆడలేక మద్దెల ఓడని వెక్కిరించేదాన్ని.

చివరి మెట్టు జంటలు. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు ఎదురుగా చేరి కలిసి ఎగరడం. నా దిగులంతా అక్కడే. మా తరగతిలో ఒక పాప ఆ వానాకాలంలోనే అక్కను పోగొట్టుకుంది. ఆ అక్క మా బడిలోనే ఐదో తరగతి పిల్ల, జ్వరంతో ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. అప్పటినుంచి ఈ పాప ఎవరినీ పక్కన కూర్చోనిచ్చేది కాదు. దీన్ని ఎవరితో కలపను?

పైగా దాని తాడు తలకు మించిన పొడుగు. నేను ముడి వేస్తాను, మరునాటికి విప్పుకొస్తుంది. నాకు కోపం ఆగలేదు.

“నీ ఎత్తుకు ఇంత తాడెందుకే?”

“కురచ చేస్తే అక్కకు తగులుతాది మేడం.”

అప్పుడు చూశాను. ఒంటరిగా ఎగిరేటప్పుడు కూడా ఆ పాప చేతులు ముందుకు చాపి తిప్పుతోంది, ఎదురుగా ఒక మనిషి పట్టేంత చోటు వదిలి. కళ్లు తనకంటే కాస్త పైకి ఎవరి ముఖాన్నో చూస్తున్నాయి. పట్టపగలు, ఎండలో, నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మళ్లీ నేను ఆ తాడు ముట్టుకోలేదు.

నిజానికి ఇద్దరు ఎగరాలంటే తాడు పొడుగే ఉండాలి. జంటల మెట్టు రాగానే అందరి ముడులూ విప్పించాను. అందరికీ జతలు కుదిరాయి, ఈ పాపకు తప్ప. చివరికి వెనక బెంచీలోని వసపిట్ట ఒకతి తనే వెళ్లి అడిగింది.

“మే, నన్ను రానీ నీ జతకు.”

పాప తన ఎదుటి చోటును ఒకసారి చూసుకుంది. “ముందర వద్దు. ఎనక నిలబడు.”

వెనక నిలబడినా జంటే కదా, సరేనన్నాను. వెనక పిల్ల ముందు పిల్ల గౌను పట్టుకుని, అది ఎగిరినప్పుడే ఎగరాలి. తాడు ఎన్నోసార్లు కాళ్లకు తగిలి ఆగింది. కానీ ముందరి చోటు మాత్రం ఇద్దరూ వదిలే ఉంచారు.

సమావేశం రోజు అన్ని జంటలూ బాగా చేశాయి. వీళ్ల వంతు వచ్చేసరికి ఒక పెద్ద మాస్టరు లేచాడు. “ముందర అంత జాగా ఎందుకమ్మా? తాడు తగ్గించుకోండి.”

వసపిట్ట ఎగరడం ఆపకుండానే బదులిచ్చింది. “వాళ్లక్క ఆడ ఉండాది సార్.”

ఎవరూ నవ్వలేదు. ఆయన కూర్చున్నాడు. తాడు నేలకు తగులుతూనే ఉంది.

ప్రహరీ గోడ అవతల పాప తల్లి నిలబడి ఉందని అప్పటిదాకా నేను చూడలేదు. బెల్లం గానుగ దగ్గర పనిచేసే మనిషి, ఆ బట్టలతోనే వచ్చింది. టీచర్లు వెళ్లిపోయాక నా దగ్గరికి వచ్చింది. పిల్లలకు లేనిపోనివి నేర్పుతున్నానని తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“ఇంటికాడ తాడు తిప్పదు మేడం, ఈ పిల్ల. ఎంత బతిమాలినా ఎగరదు,” అంది. గొంతు తగ్గించి అడిగింది. “ఈడికి రోజూ వస్తాదా, పెద్దది?”

నేను టీచర్ని. దయ్యాలూ భూతాలూ లేవని ఈ నోటితోనే పిల్లలకు పాఠం చెప్పినదాన్ని.

“వస్తాదమ్మా,” అన్నాను.

ఆ ఏడాదంతా డ్రిల్లు పీరియడుకు ఆమె పని వదిలి వచ్చి గోడ అవతల నిలబడేది. చూసేది తన చిన్నకూతుర్ని కాదు, దాని ఎదురుగా ఉన్న చోటును. ఒళ్లు బాగాలేని రోజు కూడా నేను ఆ పీరియడు ఎగ్గొట్టలేకపోయాను.