ఖాయం చేశాక మార్చం

ఆ ఇన్విటేషన్ రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో ఓడ సరుకుల కాగితాలు తయారుచేయడం నా ఉద్యోగం. ఒక్క మాట అటూ ఇటూ అయితే కంటైనర్ కదలదు. ఆ అలవాటుతోనే, వన్ టౌన్ బడిలో మాతో పదో తరగతి చదివినవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టాను.

"అందరికీ నమస్కారం. మనం బడి వదిలి ముప్పై ఏళ్ళు దాటింది. మన బడిలోనే ఒక పూట కలుద్దాం. కింద పోల్‌లో వచ్చే నెల నాలుగు ఆదివారాలు ఉన్నాయి. మీకు నచ్చిన తేదీకి కాదు, మీరు రాగలిగిన ప్రతి తేదీకీ టిక్ పెట్టండి. ఎన్నిటికైనా పెట్టవచ్చు. ఈ ఆదివారం రాత్రి తొమ్మిదికి దేనికి ఎక్కువ టిక్కులుంటే అదే తేదీ. రెండు తేదీలు సమానంగా వస్తే, వేరే ఊళ్ళ నుంచి రావలసినవాళ్ళలో ఎక్కువమందికి కుదిరేది తీసుకుంటాం. బడివాళ్ళు ఇవ్వలేమంటే తప్ప, ఖాయం చేశాక మార్చం."

మా క్లాస్ లీడర్ ఆ మెసేజ్ కింద చప్పట్లు పెట్టాడు. అతన్ని ఇప్పటికీ అందరూ లీడర్ అనే పిలుస్తారు. దువ్వాడ వైపు స్థలాల వ్యాపారం చేస్తాడు. గ్రూపు పెట్టింది అతనే, అడ్మిన్ కూడా అతనొక్కడే. అతను స్వయంగా రెండో ఆదివారానికి, మూడో ఆదివారానికి టిక్ పెట్టాడు. నేను కళ్ళారా చూశాను.

ఆ వారమంతా ఫోన్లు చేశాను. వాట్సాప్ సరిగా చూడనివాళ్ళకి చదివి వినిపించాను. భీమిలిలో టిఫిన్ సెంటర్ నడిపే అమ్మాయి, "ఏ ఆదివారమైనా నాకు గిరాకీయే కదే, ఐనా రెండోది పెట్టుకో" అంది. "నేను పెట్టకూడదు, నీ టిక్ నువ్వే పెట్టుకోవాలి" అని, ఎక్కడ నొక్కాలో ఫోన్‌లోనే చెప్పాను. గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసే నా స్నేహితురాలు అందరికంటే ఆఖర్న పెట్టింది. ఆమెకి కుదిరింది రెండో ఆదివారం ఒక్కటే.

తొమ్మిదికి రెండో ఆదివారం గెలిచింది. నాలుగో ఆదివారానికి అన్నిటికంటే తక్కువ టిక్కులు. తర్వాత ఎవరైనా టిక్ మార్చుకుంటే గొడవ అవుతుందని స్క్రీన్‌షాట్ తీసి, దానితోపాటు ఫలితం పెట్టాను. నర్సు అప్పుడే ఫోన్ చేసింది.

"డ్యూటీ మార్సేసుకున్నానే. మా వార్డు సిస్టర్‌కి పండగనాడు సెలవు కావాలంట, ఆవిడ నైట్లు నాను సేత్తానన్నాను. పండగ పోతే పోయింది. మిమ్మల్నందర్నీ సూడొచ్చు."

సంతోషంగా పడుకున్నాను. పొద్దున్నే లేచి గ్రూపు చూస్తే లీడర్ కొత్త మెసేజ్ ఉంది. మా బడిలోనే చదివి రాజకీయాల్లో పైకొచ్చిన ఒకాయన ముఖ్య అతిథిగా రావడానికి ఒప్పుకున్నారట. ఆయనకి నాలుగో ఆదివారమే కుదురుతుందట. "ఫోర్త్ సండే ఫైనల్. అందరూ ఓకే చెప్పండి" అని రాశాడు. కింద వరసగా బొటనవేళ్ళు. రాత్రి రెండో ఆదివారం వచ్చిందని పువ్వులు పెట్టినవాళ్ళే పొద్దున నాలుగో ఆదివారానికి బొటనవేలు పెట్టారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. స్టవ్ మీద పాలు పెట్టిన సంగతి కూడా మర్చిపోయి అతనికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. సాయంత్రం కమిటీ మీటింగ్ ఉందని మాత్రం మెసేజ్ వచ్చింది.

కమిటీ అంటే మేం ఐదుగురం. వన్ టౌన్‌లో తాళ్ళూ వలలూ అమ్మే హోల్‌సేల్ షాపు మా క్లాస్‌మేట్‌దే, ఎప్పుడూ అక్కడే కలిసేవాళ్ళం. ఆఫీసు నుంచి తిన్నగా వెళ్ళాను. లీడర్ అప్పటికే తాడు చుట్ట మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"పోల్ ఎందుకు పెట్టించావు మరి?" అన్నాను, కూర్చోకుండానే.

"ఏటమ్మా, అంత కోపం! పోలంటే మనకో ఐడియా కోసం. ఫైనల్ కమిటీదే కదా."

"ఆ ముక్క టిక్కులు పెట్టకముందు చెప్పాలి. ఎక్కువ టిక్కులు ఎటుంటే అదే అని రాస్తే చప్పట్లు కొట్టావు. ఇప్పుడు ఐడియా అంటావా?"

"అందరూ ఓకే అన్నారు సూడు" అని ఫోన్ నా మొహం ముందు పెట్టాడు.

"ఓకే అంటే ఏమిటి? వస్తామనా, చూశామనా? రాలేనివాళ్ళు పెట్టడానికి ఏం ఉంచావు అక్కడ? నాలుగు తేదీలుంటే ఏది కుదరదో తెలుస్తుంది. ఒక్క తేదీ పెట్టి ఓకే అనమంటే మొహమాటానికి అందరూ అంటారు."

"ఒక్క నర్సు కోసం అందర్నీ ఆపుతామేటి? ఆల్లు ఎలాగూ రారు. ఎప్పుడూ డ్యూటీలే."

రావడం కోసం ఆమె పండగ వదులుకుందని చెప్పాను. భీమిలి అమ్మాయి గురించి చెప్పాను. రాయపూర్ నుంచి రావలసినవాడు రాత్రే టికెట్ తీసేసుకున్నాడని చెప్పాను. లీడర్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

షాపతను మెల్లగా అన్నాడు. "నువ్వన్నది న్యాయమే. కానీ బడి కప్పు సూసినావు కదా, వానొస్తే పిల్లలు వరండాలోకి పరిగెడతన్నారు. ఆయనొచ్చి సూస్తే పని అవుద్దేమో."

అది కొట్టిపారేయగల మాట కాదు. అందుకే మరింత కోపం వచ్చింది. "కప్పు కావాలంటే మనం పది మందిమి ఆయన ఆఫీసుకి వెళ్ళి అడుగుదాం. అందరూ కలిసే రోజు ఎందుకు మార్చాలి?" అన్నాను. చేతులెత్తమన్నారు. నాలుగు చేతులు అటు లేచాయి. నేను బ్యాగు భుజాన వేసుకుని బయటికొచ్చేశాను. ఆ సందులో ఆటో దొరక్క చాలా దూరం నడిచాను, నడిచినంత సేపూ పైకే తిట్టుకున్నాను.

ఇంటికొచ్చి గ్రూపులో పెట్టాను. "నాలుగో ఆదివారం పోల్ ద్వారా వచ్చిన తేదీ కాదు. పోల్‌లో గెలిచింది రెండో ఆదివారం. నా మాట నమ్మి ఏర్పాట్లు చేసుకున్నవాళ్ళు క్షమించాలి. ఈ మార్పు నేను ఆపలేకపోయాను. కమిటీ నుంచి తప్పుకుంటున్నాను." ఒక తిట్టు లేదు అందులో. అన్నం తిని వచ్చి చూస్తే దాన్ని అడ్మిన్ తొలగించినట్టు కనిపించింది. తేదీ మార్చినప్పుడు వచ్చిన కోపం దీని ముందు ఎంత? నేను అడిగి తెలుసుకుని, సరిచూసి పెట్టిన మాటని ఒక వేలితో చెరిపేశాడు.

మర్నాటి నుంచి, రెండో ఆదివారానికి మాత్రమే టిక్ పెట్టినవాళ్ళందరికీ విడివిడిగా ఫోన్ చేసి జరిగింది చెప్పాను. నర్సు అరిచింది. లీడర్ మీద కాదు, నా మీద.

"నీ మాట మీద కదే మార్సుకున్నాను! మార్సమని రాసినావు కదా. ఇప్పుడు ఆ సిస్టర్ దగ్గరికెళ్ళి ఏటని సెప్పమంటావు?"

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆమె కోపం న్యాయమైనదే. నాలుగు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు, ఆ నాలుగు రోజులూ నేను లీడర్‌ని మనసులో వంద రకాలుగా కడిగేశాను.

రాయపూర్ అతను టికెట్ రద్దుచేసి నాలుగో ఆదివారానికి మళ్ళీ తీసుకున్నాడు. షాపతను షామియానాకి చెప్పాడు. రెండో ఆదివారం వచ్చింది, ఏమీ జరక్కుండానే పోయింది. నాలుగో ఆదివారం ఇంకో రెండు రోజులుందనగా లీడర్ మెసేజ్: "అనివార్య కారణాల వల్ల ముఖ్య అతిథి గారు రాలేకపోతున్నారు. ప్రోగ్రాం వాయిదా. కొత్త డేట్ త్వరలో. ఓకే చెప్పండి."

ఈసారి ఒక్క బొటనవేలూ లేవలేదు. రాయపూర్ అతను అప్పటికే రైల్లో ఉన్నాడు. అతని వాయిస్ మెసేజ్‌లో చక్రాల చప్పుడు కంటే అతని గొంతే గట్టిగా ఉంది. "లీడర్ బావా, నేను దువ్వాడలో దిగి నీ ఆఫీసుకే వస్తన్నాను. నీ డేట్‌కి నీ ఆఫీసులోనే కూర్చుందాం, ఆయనెప్పుడొస్తే అప్పుడే లేద్దాం." తర్వాత ఒకరి వెనక ఒకరు అందుకున్నారు. అందరికంటే ఘాటైన మెసేజ్ భీమిలి అమ్మాయిది, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసి ఉంటుంది: "గిరాకీ వదులుకుని వద్దామంటే మాకు విలువ లేదా."

రాత్రికి లీడర్ నాకు ఫోన్ చేశాడు. "మళ్ళీ ఆ పోలేదో నువ్వే పెట్టమ్మా. నాను పెడితే ఎవరూ నమ్మరు."

"నేనెందుకు పెట్టాలి?" అన్నాను. పెట్టేశాను ఫోను. మర్నాడు నర్సు నుంచి ఫోన్. అనుకోలేదు. లీడర్ అడిగింది చెప్పాను.

"పెట్టు" అంది. "కాని నీక్కూడా ఒకటి సెప్పాలే. నాలుగూ ఆదివారాలే ఏటి? మాకు ఆదివారం ఎక్కడుంది? స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు సేసేవోళ్ళకి ఎక్కడుంది? తేదీలు నువ్వే ఏరేస్తే సగం నువ్వే తేల్సేసినట్టు."

చెప్పొద్దూ, ఆ మాట నాకు చురుక్కుమంది. కాసేపు ఆమె మీద కూడా కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆమె చెప్పిందే సరి.

లీడర్‌కి మూడు షరతులు పెట్టాను. నన్నూ అడ్మిన్ చెయ్యాలి. అతిథి ఎవరూ ఉండరు. తేదీ మార్చింది తనే అని గ్రూపులో తన చేత్తో రాయాలి. మొదటి రెండూ ఒప్పుకున్నాడు. మూడోదానికి "కొందరికి అసౌకర్యం కలిగినందుకు చింతిస్తున్నాము" అని రాశాడు. ఆ 'చింతిస్తున్నాము' చూసి పళ్ళు నూరుకున్నాను. ఐనా పోల్ మొదలుపెట్టాను.

ఈసారి ముందు ఎవరికి ఏ రోజు, ఏ వేళ అసలు కుదరదో మూడు రోజుల్లో చెప్పమన్నాను. వచ్చిన జవాబులతో తేదీల వరస తయారుచేసి, అందులో సెలవు ఉండే రెండో శనివారం మధ్యాహ్నం కూడా చేర్చాను. మిగతా లెక్క పాతదే: రాగలిగిన ప్రతిదానికీ టిక్, ఎక్కువ టిక్కులున్నది ఖాయం, సమానమైతే దూరం నుంచి వచ్చేవాళ్ళ వైపు. పోల్ దానంతట అదే మూసుకునేలా గడువు కూడా పెట్టాను. రెండో శనివారం గెలిచింది. రాయపూర్ అతనికి మళ్ళీ సెలవు దొరకలేదు. ఆదివారాలు తప్ప కుదరనివాళ్ళు ఇంకో ఇద్దరు రాలేమన్నారు. వాళ్ళకి నేనే ఫోన్ చేసి టిక్కుల లెక్క చెప్పాను. ఒకరు సరేనన్నారు, ఇంకొకరు పొడిగా ఊఁ అన్నారు.

ఆ శనివారం బడి వరండాలో బల్లలు వేసి కూర్చున్నాం. నర్సు నైట్ డ్యూటీ దిగి, కాసేపు పడుకుని, ఉబ్బిన కళ్ళతోనే వచ్చింది. స్టీల్ ప్లాంట్ వాళ్ళు యూనిఫాం మీదే వచ్చారు. భీమిలి అమ్మాయి డబ్బాలో గారెలు తెచ్చింది. నవ్వులు, కేకలు, పాత మారుపేర్లు. ఇన్ని వారాల తర్వాత నేను గట్టిగా నవ్విందీ అప్పుడే.

అప్పుడు లీడర్ మైకు తీసుకున్నాడు.

"ఫ్రెండ్స్, అందరికీ కుదిరే డేట్ పెట్టాలని నాను ఎంత కష్టపడ్డానో మీకు తెలుసు."

నా పక్కనున్న నర్సు పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. లేచి వెళ్ళి మైకు అందుకున్నాను. అతను ఇచ్చేశాడు, నేను వందన సమర్పణ చేస్తాననుకున్నాడు కాబోలు.

"రాయపూర్ అతను రెండుసార్లు టికెట్ తీసుకుని కూడా ఇవాళ రాలేకపోయాడు. ఎందుకు రాలేకపోయాడో లీడర్ చెప్తాడు" అని మైకు మళ్ళీ అతని చేతిలో పెట్టి వచ్చి కూర్చున్నాను.

లీడర్ మైకు అటూ ఇటూ తిప్పాడు. "అదీ... నా వల్లే" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో. ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆపేశారు. షాపతను గబగబా భోజనాలు పెట్టించాడు.

లీడర్‌తో నేను ఇప్పటికీ మాట్లాడను. గ్రూపులో ఇద్దరం అడ్మిన్లమే.