చూసినవాడు దుబాయిలో

మా అక్క భర్త పసుపు దొంగ అని ఊరు తేల్చేసే నాటికి, అతను దొంగతనం చేస్తుండగా చూసినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు. విన్నవాళ్లకు మాత్రం కొదవ లేదు. కిరాణా దుకాణం ముందు కూర్చున్నవాళ్లు, బీడీలు చుట్టే అరుగుల మీది ఆడవాళ్లు, కల్లు మండువ దగ్గర జమయ్యేవాళ్లు, అందరూ విన్నారు. ఎవరి దగ్గర విన్నారని అడిగితే పక్కవాణ్ణి చూపించారు. పక్కవాడు ఇంకో పక్కవాణ్ణి చూపించాడు. ఒక మనిషిని దొంగను చేయడానికి వీళ్లకు అంతకంటే కష్టపడాలని అనిపించలేదు.

కోరుట్లకు దగ్గరి ఊరు మా అక్క వాళ్లది. మా బావ అక్కణ్ణించి కోరుట్లకు షేర్ ఆటో నడుపుతాడు. పసుపు ఉడకబెట్టి కల్లంలో ఆరబోసే రోజుల్లో, ఒక ముసలమ్మ కల్లం నుంచి పసుపు బస్తాలు పోయాయి. ఆమె కొడుకు దుబాయి నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. బస్తాలు పోయిన పొద్దున్నే అతను తిరుగు ప్రయాణమయ్యాడు. ఎయిర్‌పోర్టుకు పోయే కారెక్కుతూ తల్లితో చెప్పాడు: తెల్లవారుజామున కల్లం దగ్గర మా బావ ఆటో చూశాననీ, బస్తాలు ఎక్కించడం చూశాననీ. పోలీస్ స్టేషన్‌కు పోయి ఆ మాట తనే చెప్పొచ్చు కదా? పోలేదు. స్టేషన్లో ఆలస్యమైతే విమానం పోతుంది, సెలవు దాటితే కంపెనీలో ఉద్యోగం పోతుంది. మా వైపు గల్ఫ్ ఇండ్లలో ఇదే రివాజు. చెప్పాల్సిందంతా తల్లి చెవిన వేసి కారెక్కి పోతారు, ఆ తర్వాతి బాధ్యతంతా తల్లిదే అన్నట్టు.

తల్లి పోలీసులకు చెప్పింది. పోలీసులు బావను తీసుకుపోయి, బస్తాలు దొరక్కపోయినా కేసు రాసి, కోర్టుకు పంపారు. బెయిలు మీద బయటికి వచ్చాడు గానీ, రుజువైతే మూడేళ్ల దాకా జైలు. మా అక్క అన్నం తినడం మానేసింది. ఆటో ఎక్కడం ఊరివాళ్లు మానేశారు.

నేను జగిత్యాలలో విత్తనాల దుకాణంలో పనిచేస్తాను. పదో తరగతితో చదువు ఆగింది, కానీ చదవడం ఆగలేదు. దుకాణం మూసే రోజుల్లో గ్రంథాలయంలో కూర్చుంటాను. కథల పుస్తకాల అరలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు చట్టాల అరకు చేరాను, అక్కడికి వచ్చేది నేనూ పావురాలూ మాత్రమే. సాక్ష్యం గురించి తెలుగులో రాసిన ఒక లావు పుస్తకం తీసుకుని, కావాల్సిన భాగం రెండుసార్లు చదివాను. కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ నియమం మారలేదు. నోటితో చెప్పే సాక్ష్యం నేరుగా ఉండాలి. కంటితో చూసిన సంగతైతే చూసినవాడే వచ్చి చూశానని చెప్పాలి. చెవితో విన్న సంగతైతే విన్నవాడే వచ్చి చెప్పాలి. చూసినవాడు చెప్పగా విన్నానంటే, చూసిన సంగతికి అది రుజువు కాదు. దాన్ని వినికిడి సాక్ష్యం అంటారు.

చనిపోయే మనిషి తన చావుకు కారణం చెబితే తీసుకుంటారట, ఎందుకంటే అతణ్ణి మళ్లీ పిలవలేరు. అలాంటి మినహాయింపులు ఇంకొన్ని ఉన్నాయి. దుబాయిలో ఏసీ గదిలో పడుకున్నవాడు వాటిలో లేడు.

కోర్టు ఎందుకింత పట్టుబడుతుందో నాకు పుస్తకం కంటే అక్క వాళ్ల ఊరే బాగా నేర్పింది. ముసలమ్మ చెప్పిన మాట ఒక్క వారంలో ఎన్ని రూపాలు మార్చిందో విన్నాను. ఆటో చూశాడన్నది, బావను చూశాడయింది. బస్తాలు ఎక్కించడం, కల్లం కాపలాదారును కొట్టడం అయింది. ఆ కల్లానికి కాపలాదారే లేడు. మాటను మోసేవాడెవడూ ప్రమాణం చేయడు, తప్పయితే శిక్ష పడదు, ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. పైగా ఒక్కొక్కరూ మోసినందుకు కూలీగా కొంత కలుపుకుంటారు.

కోర్టు రోజు మా వకీలు నన్ను వెనక బెంచీ మీద కూర్చోమన్నాడు. కోరుట్ల కోర్టు హాలు చిన్నది. మేజిస్ట్రేట్ మేడం చిన్న వయసామె, గొంతు పెంచదు. సాక్షి తెలుగులో చెప్పింది విని, పక్కన కంప్యూటర్ ముందున్నాయనకు ఇంగ్లిష్‌లో చెప్పి రాయిస్తుంది. మా బావ చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. ముసలమ్మ బోనెక్కి, నిజమే చెబుతానని ప్రమాణం చేసింది.

ప్రభుత్వ వకీలు అడిగాడు. "ఆ దినం ఏం జరిగిందమ్మా?"

"గీయినె ఆటోల మా పసుపు ఏస్కపోయిండు సార్."

"మీరు చూసిన్రా?"

"నా కొడుకు చూసిండు. నా కొడుకు చూసుడంటె నేను చూసినట్టే."

మా వకీలు లేచాడు. "మేడం, అభ్యంతరం. వినికిడి మాట."

ముసలమ్మ అతని వైపు తిరిగింది. "వినికిడి ఎందుకైతది సారూ? కడుపున పుట్టినోడు చెప్పిండు. మీ కొడుకు చెప్తె మీరు నమ్మరా?"

హాల్లో నవ్వారు. మేడం కూడా కొంచెం నవ్వి, మెల్లగా చెప్పింది. "అమ్మా, నీ కొడుకు నీకేం చెప్పిండో చెప్పు. గది నువ్వు విన్నవు కాబట్టి చెప్పొచ్చు. గందుకే పోలీసులకాడికి పోయినవని రాసుకుంట. కానీ గక్కడ ఏం జరిగిందన్నది నీ కొడుకే అచ్చి చెప్పాలె."

"ఆడు దుబాయిల ఉన్నడు మేడం."

"వీడియోల కూడ అడుగొచ్చు. సర్కారు వకీల్ సార్ అడిగిండు. మీవోడే ఒప్పుకోలేదు."

"కంపెనీల ఫోన్ పట్టనియ్యరు మేడం." ముసలమ్మ కొంగు ముడి విప్పి తన ఫోను తీసింది. "వాయిస్ పెట్టిండు. ఇనిపియ్యాల్నా? గట్టిగ అస్తది."

కంపెనీలో ఫోను పట్టనివ్వనివాడు వాయిస్ మెసేజ్ ఎలా పెట్టాడో ఆమెకు తోచలేదు. మా వకీలు ఫోను వైపు చూపించి అన్నాడు. "ఈ ఫోన్‌కు నేను ప్రశ్నలు వేస్తె జవాబు చెప్తదా అమ్మా? ఆటో ఎంత దూరంల ఉన్నది? నంబర్ చూసిండా? తెల్లారలేదు గదా, ముఖం ఎట్ల గుర్తుపట్టిండు? ఊళ్లె ఇంకెన్ని ఆటోలున్నయ్?"

"అది నా కొడుకును అడుగు."

"గదే నేను అంటున్న."

ముసలమ్మ ఫోను మళ్లీ కొంగులో కట్టుకుంది. కొడుకు ఎవరి ఆటో చూశాడో, అసలు చూశాడో లేదో ఆమెకు తెలియదు. అయినా తెలుసని అనుకోవడం ఆమెకు ఏమాత్రం కష్టం కాలేదు. ఆమె తరువాత బోనెక్కిన పక్కింటాయన ఇంకా ధీమాగా చెప్పాడు. ఎవరు చెప్పారని అడిగితే "ముసలామె చెప్పింది" అన్నాడు. కోర్టు మెట్లు దిగేటప్పుడు మాత్రం నా మీదే ఎగిరాడు.

"కోర్టోళ్లు మా మాట నమ్మకపాయె. ఊరంత అబద్ధాలకోర్లమా తమ్మీ?"

"ఊరంత చూసిందా?"

"అందరం అనుకున్నం గదా."

ఆ జవాబుతో తనే తృప్తి పడి, నడిచి వెళ్లిపోయాడు.

వాయిదా పడింది. అప్పుడే మా దుకాణానికి వచ్చిన ఒక రైతు విత్తనాలు తూకం వేయిస్తూ ఒక సంగతి చెప్పాడు. ఆ బస్తాలను సిరిసిల్ల ట్రాలీ ఆటో ఒకటి మోసిందనీ, పసుపు ముసలమ్మ చెల్లెలి కొడుకు దించుకున్నాడనీ, ఆ డ్రైవర్ తనే హోటల్లో చెప్పుకున్నాడనీ. బస్సెక్కి నేరుగా వకీలు ఇంటికి వెళ్లాను. నేనే సాక్షిగా వస్తానన్నాను.

వకీలు చాయ్ తాగుతున్నాడు. "నువ్వు చూసినవా?"

"లేదు సార్. రైతు చెప్పిండు."

"ఆయనకు?"

"డ్రైవర్ చెప్పిండట."

"మొన్న ముసలామె మాటకేనా అభ్యంతరం? నీ మాటకైతె లేదా?" అని గ్లాసు దించి, "పో, ఆ డ్రైవర్‌ను పట్టుకరా. ఆయన తను చేసింది తనే చెప్పాలె" అన్నాడు.

పుస్తకం రెండుసార్లు చదివినవాణ్ణి నేను. ఆయన చెప్పింది చట్టమే, కాదనడానికి లేదు. సిరిసిల్ల బస్సెక్కాను. మరమగ్గాల వీధుల్లో లోపలి మోత బయటి మనిషి మాటను మింగేస్తుంది, అరిచి మాట్లాడాలి. ట్రాలీ ఆటోల అడ్డా దగ్గర ఆ డ్రైవర్ దొరికాడు. బట్టల తానులు ఎక్కిస్తున్నాడు. పసుపు మాట ఎత్తగానే చేతులు దులుపుకున్నాడు.

"నేనెప్పుడు మోసిన అన్నా? నేను గా దినం ఇక్కడ్నే ఉన్న, మాలు ఏస్తున్న."

"హోటల్ల చెప్పినవంట గదా."

"గది నా దోస్తు చెప్పిండు, నేను చెప్పిన. చెప్పినంత మాత్రాన నేనే మోసినట్టా?"

"మీ దోస్తు ఏడ ఉన్నడు?"

అతను నవ్వాడు. "మస్కట్ పోయిండు."

ఆ దోస్తు మోశాడా, లేక అతను కూడా ఇంకొకరి దగ్గర విన్నాడా అని అడిగాను. తెలియదన్నాడు. మరి హోటల్లో ఎందుకు చెప్పావంటే, "మాటల మాట" అన్నాడు. తానుల మీద తాడు బిగించి వెళ్లిపోయాడు. ఊళ్లో మనిషిని జైలుకు పంపే సంగతైనా, ఊళ్లో ఇంకో మనిషిని ఇరికించే సంగతైనా, మాట మోసేవాళ్లకు అది చాయ్‌తో పాటు నమిలే బిస్కెట్టే. తిరుగు బస్సులో కూర్చుని, ముసలమ్మ చెల్లెలి కొడుకు గురించి నా నోట ఇంకొక్క మాట రానివ్వకూడదని అనుకున్నాను. అతను తీసుకున్నాడో లేదో నాకు తెలియదు. చెప్పినవాళ్లకూ తెలియదు.

తీర్పు రోజు మేడం చిన్న మాటల్లో చెప్పింది. చూశానంటున్నవాడు కోర్టుకు రాలేదు, వీడియోలో రావడానికి అవకాశమున్నా రాలేదు. మిగిలినవాళ్లు చెప్పిందంతా అతని మాట మీదే ఆధారపడి ఉంది, ఆ మాటను ప్రశ్నించి పరీక్షించే వీలు నిందితుడికి దొరకలేదు. పోయిన సొత్తు కూడా దొరకలేదు. నేరం రుజువు కాలేదు, వదిలేస్తున్నాం. బావ రెండు చేతులూ ఎత్తి మేడంకు దండం పెట్టాడు. అక్క బయట వేపచెట్టు కింద కూర్చుని, మెల్లగా ఏడ్చింది.

దొంగ ఎవరో తేలలేదు. నేరం రుజువు కాలేదంటే బావ కడిగిన ముత్యమని కోర్టు చెప్పినట్టు కాదని కొందరు నాకు తెలివిగా వివరించారు. మొదటిసారిగా వాళ్లు చెప్పినదాంట్లో కొంచెం నిజం ఉంది. దాన్ని కూడా వాళ్లు ఎక్కడో విని ఉంటారు.

మూడో రోజు బావ ఆటో తీశాడు. నేను కోరుట్లలో ఎక్కాను. వెనక ఇద్దరు ప్రయాణికులున్నారు. కొంతదూరం పోయాక బావ అద్దంలో వాళ్లను చూస్తూ మొదలుపెట్టాడు.

"అసలు ఏస్కపోయింది ఎవరో తెల్సా? ముసలామె చెల్లె కొడుకే."

నేను తల తిప్పాను. ఆ మాట బావతో నేనెప్పుడూ అనలేదు. వకీలు దగ్గర బయటపడిందో, రైతు చెప్పాడో. "బావా, నువ్వు చూసినవా?"

"చూసుడెందుకు బామ్మర్ది? అందరికి తెల్సిందే గదా." అతను గేరు మార్చాడు. వెనక కూర్చున్న ఇద్దరూ ముందుకు వంగి, చెవులు ఇటు పెట్టారు.