నేనిచ్చిన మాత్రలు

మా అమ్మ గొర్రెలు కాసే ఇంటి మనిషి. జమ్మలమడుగు దగ్గర మా ఊళ్ళో ఒక వానాకాలం రోగమొచ్చి మంద సగం పోయింది. చచ్చిన గొర్రెపిల్లలను గుంట తీసి పూడ్చిన రోజే ఆమె మాంసం మానేసింది. తర్వాత గుడ్లు మానింది. పిల్లల నోటికాడి పాలు మనం తాగడం పాపమని చివరికి పాలు, మజ్జిగ కూడా వదిలేసింది. సంగటి, ఊరిబిండి పచ్చడి, ఆకుకూరలతో ఐదారేళ్ళు బాగానే గడిచాయి.

ఆ తర్వాత ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె ముఖం పాలిపోయి ఉంది. నాలుక ఎర్రగా, నున్నగా అయిపోయింది. నేను అక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం నేనే తీసి మైక్రోస్కోప్ కింద చూశాను. ఎర్రకణాలు కోలగా, మామూలు కంటే పెద్దగా ఉన్నాయి. ఫోలిక్ యాసిడ్ తక్కువైతే అలా ఉంటాయని చదివిన గుర్తు. డాక్టరును అడగకుండానే ఆ మాత్రలు తెచ్చి ఇచ్చాను.

రెండు నెలల్లో హిమోగ్లోబిన్ పెరిగింది. నాకు గర్వంగా అనిపించింది. ఆ రోజుల్లోనే అమ్మ అంది: "కాళ్ళ కింద దూది పరిసినట్టుండాదమ్మీ. చెప్పు యాడ జారిపోయిందో గూడా తెలీలే."

వయసు కదా అన్నాను. ఒకరోజు ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే స్నానాల గదిలో పడిపోయింది. మణికట్టు విరిగింది.

డాక్టరు ఆమె చీలమండ మీద మోగుతున్న ట్యూనింగ్ ఫోర్కు ఆనించి, అదురు తెలుస్తోందా అని అడిగాడు.

"ఇంగా మొదలుపెట్టలేదా సామీ?" అంది అమ్మ.

అది బీ12 లోపమన్నాడాయన. ఆ విటమిన్‌ను తయారుచేసేది సూక్ష్మజీవులే. మనకు మాంసం, గుడ్లు, పాల ద్వారా అందుతుంది, మొక్కల్లో దొరకదు. కాలేయంలో ఉన్న నిల్వ కొన్నేళ్ళు కాస్తుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. అది లేకపోతే ఎముకల మజ్జలో డీఎన్ఏ సరిగా తయారుకాదు. కణం పెరుగుతుంది కానీ సమయానికి రెండుగా విడిపోదు, పెద్దదిగానే రక్తంలోకి వస్తుంది. ఫోలిక్ యాసిడ్ ఆ పని నడిపించి రక్తాన్ని బాగుచేయగలదు. కానీ నరాల పైపొర నిలవాలంటే బీ12 ఉండాల్సిందే. రక్తం బాగుపడినట్టు కనిపించినన్నాళ్ళూ లోపల నరాలు పాడవుతూ వచ్చాయి, అందుకే కళ్ళు మూయగానే పాదం ఎక్కడుందో తెలియక పడిపోయింది.

మాత్రలు ఎవరిచ్చారని అడిగాడు. నేనేనన్నాను. ఆయన తల దించుకుని చీటీ రాశాడు.

ఇంజెక్షను జంతువుల నుంచి తీసిందా అని అమ్మ అడిగింది. సూక్ష్మజీవులను పెంచి తీస్తారని చెప్పాక చేయి చాపింది. నాలుక మానింది, రక్తం నిలబడింది. పాదాలకు మాత్రం స్పర్శ పూర్తిగా రాలేదు.

"నీ తప్పేముండాది, పాలు మానింది నేను గదా," అంది ఒకసారి. అది విన్నాక నాకు ఏడవడానికి కూడా హక్కు లేదనిపించింది.

ఇప్పుడు ప్రతి అడుగూ కళ్ళతో చూసుకుని వేస్తుంది. చూపు మరలితే గోడ పట్టుకుంటుంది.